ఆరోగ్య సిబ్బందికి ఇచ్చిన శిక్షణ రోగి దాకా చేరిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

శిక్షణ ముగిసిన రోజు సాయంత్రం అందరూ సంతోషంగానే ఉంటారు. సర్టిఫికెట్లు ఇస్తారు, గ్రూప్ ఫొటో దిగుతారు, ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మంచి మాటలు రాస్తారు. ఆర్నెల్ల తర్వాత అదే వార్డులో ఏం మారిందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు ఎలా రాబట్టాలన్నదే ఈ ప్రశ్నల విషయం. శిక్షణలు వంద రకాలు కాబట్టి ఇక్కడ ఒక్కదాన్నే పట్టుకుందాం: పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు చేత్తో నొక్కే గాలి బ్యాగ్, ముఖానికి పెట్టే మాస్క్‌తో ఊపిరి అందించడం నేర్పే శిక్షణ. కొలవాల్సిన పని అందులో చాలా స్పష్టంగా ఉంటుంది. కొలతలో ఎదురయ్యే చిక్కులూ దాదాపు అన్నీ అందులో కనిపిస్తాయి.

నాలుగు మెట్ల పద్ధతి అంటే ఏమిటి?

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఆయన వైద్యరంగం మనిషి కాడు, ఉద్యోగులకు ఇచ్చే శిక్షణల గురించి రాశాడు. మొదటి మెట్టు స్పందన, అంటే శిక్షణ ఎలా అనిపించింది. రెండోది నేర్పు, అంటే ఏం నేర్చుకున్నారు. మూడోది ప్రవర్తన, అంటే తిరిగి పనిలోకి వెళ్ళాక నేర్చుకున్నది చేస్తున్నారా. నాలుగోది ఫలితం. ఆరోగ్యరంగంలో ఫలితమంటే రోగికి జరిగిన మేలు.

మెట్లు అన్నాం గనుక ఒకటి ఎక్కితే రెండోది దానంతటదే వస్తుందని అనుకోకండి. శిక్షణ బాగా నచ్చినవాళ్ళు ఏమీ నేర్చుకోకపోవచ్చు. విసుక్కుంటూ కూర్చున్నవాళ్ళు చక్కగా నేర్చుకోనూవచ్చు. ప్రతి మెట్టూ విడిగా కొలవాల్సిందే.

ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో 5కి 4.7 వచ్చింది. ఇంకేం కావాలి?

ఆ 4.7లో ఎక్కువ భాగం భోజనానికి, హాలుకు, టీచర్ మాట తీరుకు వచ్చిన మార్కులు. అంతకన్నా లోతుగా చదవడానికి అందులో ఏమీ ఉండదు. నాకైతే ఫారం పూర్తిగా మానేయడం ఇష్టం లేదు, అడిగే ప్రశ్నలు మార్చాలి. "శిక్షణ నచ్చిందా?" అనే బదులు "ఈ రెండు రోజుల్లో బ్యాగ్ మీ చేతిలో సుమారు ఎన్ని నిమిషాలు ఉంది?" అని అడగండి. సాధన చేయడానికి ముప్పై మందికి రెండే బిడ్డ బొమ్మలు పెట్టిన చోట ఈ ప్రశ్నకు వచ్చే జవాబు కళ్ళు తెరిపిస్తుంది. ఇంకో ప్రశ్న: "రేపు డ్యూటీకి వెళ్ళాక దీన్ని చేయకుండా మిమ్మల్ని ఆపేది ఏమిటి?" బ్యాగ్ బీరువాలో ఉంటుందనీ, తాళంచెవి ఇన్‌ఛార్జి నర్సు దగ్గర ఉంటుందనీ ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. మూడో మెట్టులో తర్వాత బయటపడబోయే సమస్య మొదటి రోజే మీ చేతికి వచ్చినట్టు.

ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ మార్కులు పెరిగితే నేర్చుకున్నట్టే కదా?

కాగితం మీద నేర్చుకున్నట్టు. బహుళైచ్ఛిక ప్రశ్నలకు సరిగ్గా టిక్ పెట్టిన మనిషి బిడ్డ ముఖానికి మాస్క్ గాలి పోకుండా పట్టగలదని ఆ మార్కులు చెప్పవు. చేతిపని నేర్పితే చేతిపనినే పరీక్షించాలి. బొమ్మ ముందు నిలబెట్టి "బిడ్డ పుట్టింది, ఏడవడం లేదు" అని చెప్పి, చెక్‌లిస్ట్ పట్టుకుని చూడాలి. ఆరబెట్టిందా, వీపు రుద్దిందా, తల సరైన భంగిమలో పెట్టిందా, మాస్క్ సరిగ్గా అమరిందా, బ్యాగ్ నొక్కినప్పుడు ఛాతీ లేచిందా, ఇదంతా ఒక నిమిషంలోపు మొదలైందా. ఛాతీ లేవకపోతే ఏం చేసిందన్నది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే నిజమైన బిడ్డ దగ్గర మొదటిసారే అన్నీ కుదరవు.

రెండు జాగ్రత్తలు. శిక్షణ ఇచ్చినవాళ్ళే మార్కులు వేయకూడదు, తమ విద్యార్థి తప్పాడని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. అలాగే, పరీక్ష ముగింపు రోజున ఒక్కసారి పెట్టి ఊరుకోకూడదు. చేతిపని నేర్పు కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. మూడో నెలలోనో ఆరో నెలలోనో చెప్పకుండా వెళ్ళి అదే చెక్‌లిస్ట్‌తో మళ్ళీ చూడండి. నన్నడిగితే ముగింపు రోజు మార్కుల కన్నా ఆరో నెల మార్కులకే విలువ ఎక్కువ.

బొమ్మ మీద బాగా చేసిన నర్సు లేబర్ రూమ్‌లోనూ అలాగే చేస్తుంది కదా?

చేయకపోవచ్చు. దీనికి చక్కటి ఉదాహరణ టాంజానియాలోని హేడమ్ ఆసుపత్రి. పుట్టిన తొలి నిమిషంలోనే బిడ్డకు ఊపిరి అందాలన్న సూత్రంతో 2010లో వచ్చిన "హెల్పింగ్ బేబీస్ బ్రీత్" శిక్షణను అక్కడ ఒక రోజు కోర్సుగా ఇచ్చారు. ఏడు నెలల తర్వాత బొమ్మ మీద మళ్ళీ పరీక్షిస్తే, ఊపిరి అందించే పరీక్షలో పాసైనవారు 18 శాతం నుంచి 74 శాతానికి పెరిగారు. అక్కడితో ఆగి ఉంటే అదొక విజయగాథ. కానీ లేబర్ రూమ్‌లో నిజమైన ప్రసవాలను గమనించే ఏర్పాటు ఆ ఆసుపత్రిలో ఉంది. అక్కడి లెక్కలు చూస్తే బిడ్డలకు అందుతున్న సంరక్షణ మెరుగుపడలేదు. రెండో మెట్టు ఎక్కారు, మూడో మెట్టు దగ్గర ఆగిపోయారు.

ఆ తర్వాత వాళ్ళు కోర్సును పొడిగించలేదు. వార్డులోనే, వారం వారం, మూడు నుంచి ఐదు నిమిషాల చిన్న సాధన పెట్టారు. అప్పుడు తొలి 24 గంటల్లో చనిపోయే బిడ్డలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గారు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. బ్యాగ్ వాడిన బిడ్డల శాతం పెరగలేదు, 7.3 నుంచి 5.9కి తగ్గింది. వీపు రుద్ది ప్రేరేపించడం పెరిగింది. ముందే సరిగ్గా ప్రేరేపిస్తే కొందరు బిడ్డలకు బ్యాగ్ అవసరమే రాదు. "బ్యాగ్ వాడకం పెరగాలి" అని సూచిక రాసుకున్నవాళ్ళు ఈ ఫలితాన్ని చూసి శిక్షణ విఫలమైందని తేల్చేవారు.

అయితే మూడో మెట్టుకు సూచిక ఎలా రాయాలి?

హారం సరిగ్గా పెట్టుకోవడంలోనే సగం పని ఉంది. "పుట్టిన బిడ్డలందరిలో బ్యాగ్ వాడినవారు" అంటే పైన చెప్పిన గందరగోళం వస్తుంది. "ఆరబెట్టి, వీపు రుద్దినా ఊపిరి తీసుకోని బిడ్డల్లో, పుట్టిన 60 సెకన్లలోపు బ్యాగ్‌తో ఊపిరి మొదలుపెట్టినవారి శాతం" అని రాసుకుంటే అవసరం ఉన్న బిడ్డలే లెక్కలోకి వస్తారు.

దీన్ని కేస్ షీట్ నుంచి తీయాలని చూడకండి. కేస్ షీట్ తర్వాత తీరిగ్గా రాసేది, అందులో ప్రతి బ్యాగూ ఒక నిమిషంలోనే మొదలవుతుంది. లేబర్ రూమ్‌లో షిఫ్టుల వారీగా ఒక గమనించే మనిషి, చేతిలో స్టాప్‌వాచ్ ఉండాలి. బిడ్డ పూర్తిగా బయటికి వచ్చిన క్షణం వాచ్ నొక్కి, ఆరబెట్టడం, ప్రేరేపించడం, బ్యాగ్ మొదలు, ఏడుపు, ఈ నాలుగు సమయాలూ రాసుకోవాలి. బిడ్డ ప్రమాదంలో ఉండి ఎవరూ ఏమీ చేయకపోతే గమనించే మనిషి ఏం చేయాలో ముందే రాతపూర్వకంగా తేల్చి పెట్టుకోండి. చూస్తూ ఊరుకోవడం కుదరదు. ఆ మనిషి పిలిచి చెప్పాల్సి వచ్చిన కేసును సిబ్బంది చేయని కేసుగానే రాయాలి.

ఎవరో చూస్తున్నారంటే అందరూ బాగానే చేస్తారు. ఆ లెక్కను ఎలా నమ్మాలి?

పూర్తిగా నమ్మకూడదు. అయితే ఈ ప్రభావం రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది, పక్కన ఎవరున్నారో జనం మర్చిపోతారు. మొదటి రెండు వారాల లెక్కలు పక్కన పెట్టేయండి. శిక్షణకు ముందూ తర్వాతా ఒకే రకంగా గమనిస్తే ఆ పొంగు రెండువైపులా ఉంటుంది, తేడా మాత్రం చాలావరకు నిజమైనదే మిగులుతుంది. తర్వాత మాత్రమే మనిషిని పెట్టి, ముందు లెక్కను రిజిస్టర్ల నుంచి తీస్తే ఆ పోలిక పనికిరాదు.

ఇంత శ్రమ ఎందుకు? నేరుగా మరణాలు తగ్గాయో లేదో చూస్తే సరిపోదా?

చాలా చోట్ల సరిపోదు. కారణం అంకెల్లోనే ఉంది. ఇకమీద వచ్చే అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, ఏ ఆసుపత్రివీ కావు. నెలకు 200 ప్రసవాలు జరిగే ఆసుపత్రి అనుకుందాం. ఏడాదికి 2,400. తొలిరోజు మరణాలు వెయ్యికి 8 అయితే ఏడాదికి సుమారు 19 మంది బిడ్డలు. శిక్షణ తర్వాత ఆ రేటు వెయ్యికి 6కు తగ్గిందనుకుంటే సుమారు 14. తేడా ఐదు. ఏ శిక్షణా లేకపోయినా ఏడాదికీ ఏడాదికీ మధ్య అంత తేడా కాకతాళీయంగా వస్తూనే ఉంటుంది. ఈ ఏడాది అయిదుగురు బతికారని సంబరపడి రిపోర్టు రాస్తే, వచ్చే ఏడాది ఆరుగురు ఎక్కువ చనిపోయినప్పుడు ఏం రాస్తారు?

8 నుంచి 6కు తగ్గిందని నమ్మకంగా చెప్పాలంటే, నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలన్న సాధారణ లెక్కన, ముందు సుమారు 27,000, తర్వాత సుమారు 27,000 ప్రసవాలు కావాలి. అదే మూడో మెట్టు సూచిక 30 శాతం నుంచి 50 శాతానికి పెరిగిందని చెప్పడానికి రెండువైపులా చెరో 90 మంది ఊపిరి తీసుకోని బిడ్డలు చాలు. నూటికి అయిదుగురికి బ్యాగ్ అవసరమనుకుంటే 1,800 ప్రసవాలు గమనిస్తే ఆ 90 మంది దొరుకుతారు. ఒకే ఆసుపత్రి సిబ్బంది ఒకరినొకరు చూసి ఒకేలా పనిచేస్తారు కాబట్టి ఈ రెండు సంఖ్యలనూ నిజానికి ఇంకా పెంచుకోవాలి. అయినా వాటి మధ్య దూరం మారదు. చిన్న కార్యక్రమానికి మూడో మెట్టే అసలైన కొలత అని నేను వాదించేది ఇందుకే.

శిక్షణ తర్వాత తొలిరోజు మరణాలు పెరిగినట్టు కనిపిస్తున్నాయి. శిక్షణ హాని చేసిందా?

టెన్షన్ పడకుండా ముందు మృతశిశు జననాల లెక్క తీయండి. ఊపిరి లేకుండా, కదలిక లేకుండా పుట్టిన బిడ్డను శిక్షణ లేని చోట "చనిపోయి పుట్టింది" అని రాసేస్తారు. నిజానికి వారిలో కొందరికి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. శిక్షణ తర్వాత అదే బిడ్డకు బ్యాగ్ పెడతారు. కొందరు బతుకుతారు. కొందరు కొన్ని గంటలు బతికి అదే రోజు చనిపోతారు. వాళ్ళు ఇప్పుడు తొలిరోజు మరణాల గడిలోకి వచ్చి పడతారు.

ఉదాహరణకు వెయ్యి ప్రసవాలకు ముందు 14 మంది చనిపోయి పుట్టినట్టు, 8 మంది తొలిరోజు పోయినట్టు నమోదైంది. తర్వాత 9, 10 అయింది. తొలిరోజు మరణాలే చూస్తే 8 నుంచి 10కి పెరిగాయి, ఘోరం. రెండూ కలిపితే 22 నుంచి 19కి తగ్గాయి. అందుకే ఎప్పుడూ రెండూ కలిపే చూడాలి. అదీ ఆసుపత్రిలో చేరేటప్పటికి గుండె చప్పుడు వినిపించిన బిడ్డల్లోనే చూడాలి. దారిలోనే చనిపోయిన బిడ్డను ఏ బ్యాగూ బతికించలేదు కాబట్టి వాళ్ళను లెక్కలో కలిపితే శిక్షణ ప్రభావం మసకబారుతుంది. చేరినప్పుడు గుండె చప్పుడు విన్నారా లేదా అన్న గడి రిజిస్టర్‌లో లేకపోతే, శిక్షణ మొదలుకావడానికి కొన్ని నెలల ముందే ఆ గడి పెట్టించండి.

ఇంకో దొంగదారి రెఫరల్. బిడ్డ పరిస్థితి విషమిస్తే పెద్దాసుపత్రికి పంపేస్తారు, మరణం అక్కడ నమోదవుతుంది. పంపిన బిడ్డల్ని ఫోన్ చేసైనా వెతికి ఏమయ్యారో రాసుకోని లెక్క సగం లెక్కే.

మరణాలు నిజంగానే తగ్గాయి. శిక్షణ వల్లే అని ఎలా చెప్పాలి?

అదే సమయంలో కొత్త డాక్టర్ వచ్చి ఉండవచ్చు, ఆక్సిజన్ లైన్ పడి ఉండవచ్చు, మరణాలు ముందునుంచే నెమ్మదిగా తగ్గుతూ ఉండి ఉండవచ్చు. శిక్షణకు ముందు కనీసం పన్నెండు నెలల నెలవారీ లెక్క గీసి చూస్తే ఆ చివరి అనుమానం తీరుతుంది. అన్ని ఆసుపత్రులకూ ఒకేసారి కాకుండా చీటీ తీసి వంతులవారీగా శిక్షణ ఇస్తే, ఇంకా వంతు రానివి పోలికకు పనికొస్తాయి. వాయిదా పడినందుకు ఎవరూ నష్టపోరు, ఎలాగూ అందరికీ ఒకే రోజు ఇవ్వలేరు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం మెట్ల వరస. నేర్పు పెరిగింది, ఆ తర్వాత వార్డులో పని మారింది, ఆ తర్వాత మరణాలు తగ్గాయి అని వరసగా కనిపిస్తే నమ్మవచ్చు. మూడో మెట్టు కదలకుండా నాలుగోది మాత్రం తగ్గితే, ఆ పుణ్యం ఇంకెవరిదో.

మొత్తం ఒక ఉదాహరణతో చెప్పగలరా?

పన్నెండు ఆసుపత్రులు, ఒక్కోదానిలో నెలకు సగటున వంద ప్రసవాలు అనుకుందాం. రెండు రోజుల శిక్షణ 240 మందికి ఇచ్చారు. స్పందన 4.6. చెక్‌లిస్ట్ ప్రకారం బొమ్మ మీద పాసైనవారు శిక్షణకు ముందు 22 శాతం, చివరి రోజున 88 శాతం, ఆరో నెలలో 61 శాతం. ఇక్కడిదాకా పాఠ్యపుస్తకంలా ఉంది.

మూడో మెట్టులో 60 సెకన్ల సూచిక 28 శాతం నుంచి 34కు మాత్రమే వచ్చింది. ఇలాంటి చోట చాలామంది "రిఫ్రెషర్ ట్రైనింగ్ కావాలి" అని ఒక్క వాక్యం రాసి ముగిస్తారు. అలా రాసేముందు ఆలస్యమైన కేసుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. మన ఉదాహరణలో ఆలస్యమైన వంద కేసులు తీస్తే, 41 కేసుల్లో ముక్కు, నోటిలోని ద్రవాన్ని పీల్చేసే సక్షన్ పదేపదే చేస్తూ నిమిషం దాటించారు. 27 కేసుల్లో బ్యాగ్ ప్రసవం జరిగే మంచం దగ్గర లేదు. 19 కేసుల్లో ఆ షిఫ్టులో శిక్షణ పొందినవాళ్ళు ఎవరూ లేరు, ఎందుకంటే 240 మందిలో 70 మందిని అప్పటికే వేరే వార్డులకు మార్చేశారు. మిగిలిన 13 కేసుల్లో మాత్రమే మాస్క్ సరిగ్గా పట్టలేకపోవడం కారణం.

చివరి 13కే రిఫ్రెషర్ మందు. సక్షన్ పాత అలవాటు, అది క్లాసులో పోదు. వార్డులోనే వారానికి ఒకసారి షిఫ్టు మారేటప్పుడు అయిదు నిమిషాలు బొమ్మ మీద చేయించాలి. బ్యాగ్ సంగతి ఇంకా సులువు, ప్రతి మంచం తలవైపు ఒక కొక్కెం. బదిలీల విషయం మేనేజ్‌మెంట్‌ది, శిక్షకుల చేతిలో లేదు, కానీ రిపోర్టులో ఆ 19 స్పష్టంగా కనిపించాలి. ఈ మార్పులు చేసి ఇంకో ఆర్నెల్లు గమనిస్తే సూచిక 57కు వచ్చిందనుకుందాం. ఈ పన్నెండింటిలో కలిపి ఏడాదికి 14,400 ప్రసవాలు. కాబట్టి మరణాల గురించి గట్టిగా మాట్లాడాలంటే ముందు దాదాపు రెండేళ్ళు, తర్వాత దాదాపు రెండేళ్ళు లెక్క కావాలి. అప్పటిదాకా రిపోర్టులో మరణాల గ్రాఫ్ పెట్టండి, దాని కింద "ఇంకా తేల్చలేం" అని రాయండి.

బడ్జెట్ తక్కువ. ఏ మెట్టు వదిలేయవచ్చు?

స్పందన ఫారాన్ని రెండు ప్రశ్నలకు కుదించండి, రాత పరీక్ష పూర్తిగా వదిలేయండి. ఆరో నెల బొమ్మ పరీక్ష వదలకండి. పన్నెండు ఆసుపత్రుల్లోనూ గమనించలేకపోతే నాలుగింటిని చీటీ తీసి ఎంచుకోండి. బాగా పనిచేసేవాటిని ఏరుకుంటే ఏం తేలుతుందో ముందే తెలిసిపోయినట్టే. నాలుగో మెట్టుకు ప్రత్యేకంగా ఖర్చు పెట్టకుండా రిజిస్టర్‌నే శుభ్రం చేయించండి.

నిధులిచ్చినవాళ్ళు మూడు నెలల్లో "ఎన్ని ప్రాణాలు కాపాడారు" అని అడుగుతున్నారు.

బ్యాగ్‌తో ఊపిరి పోసిన బిడ్డలందర్నీ కాపాడిన ప్రాణాలుగా రాయాలనే ఉబలాటం వస్తుంది. రాయకండి. వారిలో కొందరు ముందే సరిగ్గా వీపు రుద్దితే ఊపిరి తీసుకునేవారే. మూడు నెలల్లో నిజాయితీగా చెప్పగలిగేది ఇంతే: ఊపిరి తీసుకోని ఇన్ని వందల మంది బిడ్డల్లో ఇంతమందికి ఒక నిమిషంలో సాయం అందింది, అంతకుముందు ఇంతమందికే అందేది, మిగిలినవారికి అందకపోవడానికి కారణాలు ఇవి.